పెట్టీ క్యాష్ టాలీ అయిందంటే లెక్క సరిగ్గా ఉన్నట్టేనా?

చాలా ఆఫీసుల్లో చిల్లర ఖర్చుల డబ్బు ఒకే తీరుగా నడుస్తుంది. డ్రాయర్‌లో డబ్బు అయిపోవస్తే చూసుకునే మనిషి అకౌంట్స్‌కి వెళ్లి అడుగుతాడు, వాళ్లు ఆ రోజు చేతికి వచ్చిన రౌండ్ మొత్తం ఒకటి తీసి ఇస్తారు, మళ్లీ అయిపోతే మళ్లీ ఇస్తారు. నెలాఖరున బిల్లులన్నీ కుప్పగా పోసి కూడితే అది ఇచ్చిన డబ్బుకీ సరిపోదు, మిగిలిన డబ్బుకీ సరిపోదు. తేడా ఎంతో తెలుస్తుంది గానీ ఏ వారంలో, ఎవరి చేతిలో పడిందో చెప్పడం కుదరదు. ఎంత ఉండాలో ముందే అనుకున్న అంకె ఏదీ లేనప్పుడు ఎంత ఉందో లెక్కపెట్టి ఏం లాభం?

ఇంప్రెస్ట్ పద్ధతి ఇచ్చేది ఆ అంకెనే. ఒక మొత్తం ఖాయం చేసుకుంటారు, ఉదాహరణకి 10,000 (కరెన్సీ ఏదైనా ఫర్వాలేదు, లెక్క ఒకటే). ఆ మొత్తం ఒక్కసారి బ్యాంకు నుంచి తీసి పెట్టెలో పెడతారు. అక్కడి నుంచి ఏ రోజు, ఏ గంటకి పెట్టె తెరిచినా చేతిలో ఉన్న నగదు, చెల్లించిన వోచర్లు, ఇంకా తేలని అడ్వాన్స్ స్లిప్పులు, ఈ మూడూ కలిపితే 10,000 రావాలి. డబ్బు తగ్గినప్పుడు ఖర్చయినంతే తిరిగి నింపుతారు. వ్యవస్థ అంతా ఇంతే. అయితే ఆ కూడిక సరిపోయింది కదా అని ఫైలు మూసేయడం దగ్గరే ఎక్కువ పొరపాట్లు దాక్కుంటాయి కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ చోటు నెలాఖరు లెక్కకే.

ముందు ఎంత పెట్టాలో తేల్చుకోవాలి. గడిచిన మూడు నెలల చిల్లర ఖర్చులు తీసి వారాల వారీగా పక్కపక్కన రాసుకుంటే, ఎక్కువ ఖర్చయిన వారాలు ఎలా ఉంటాయో కనిపిస్తుంది. నెలకోసారి నింపేటట్టయితే ఎక్కువ ఖర్చయిన నెలకి సరిపడా, పైన కొంచెం వెసులుబాటుతో పెట్టుకోవాలి. వారానికోసారి నింపగలిగితే అందులో నాలుగో వంతు చాలొచ్చు. నెలంతా గడిచినా పెట్టెలో సగానికి పైగా డబ్బు అలాగే ఉంటోందంటే మొత్తం ఎక్కువ పెట్టినట్టే, పనిలేని నగదు ఊరికే పెట్టెలో పడి ఉండడం ఎవరికీ మంచిది కాదు. తక్కువ పెడితే ఇంకో రకం చిక్కు వస్తుంది: పెట్టె చూసుకునే మనిషి తన జేబులోంచి ఇచ్చి తర్వాత తీసుకోవడం మొదలుపెడతాడు. పాపం మంచికే చేస్తాడు, కానీ సొంత డబ్బు ఒక్కసారి పెట్టెలో కలిసిందంటే ఆ పైన వచ్చే ఏ తేడాకీ అర్థం ఉండదు. ఇలా జరుగుతోందని తెలిస్తే మనిషిని తప్పుపట్టే ముందు మొత్తం పెంచాలి, లేదా ఇంకాస్త తరచుగా నింపాలి.

మొత్తం పెట్టిన రోజు పుస్తకాల్లో ఒక్క ఎంట్రీ: పెట్టీ క్యాష్ ఖాతా డెబిట్ 10,000, బ్యాంకు క్రెడిట్ 10,000. ఆ మొత్తాన్ని పెంచితేనో తగ్గిస్తేనో తప్ప, మామూలుగా నింపేటప్పుడు ఆ ఖాతాని మళ్లీ ముట్టుకోరు. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. నింపినప్పుడల్లా పెట్టీ క్యాష్‌ని డెబిట్ చేసుకుంటూ పోతారు, ఖర్చు వైపు రాయడం మరిచిపోతారు, ఏడాది చివర చూస్తే పెట్టెలో ఉండాల్సిన డబ్బు లక్ష దాటి కనిపిస్తుంది.

పెట్టె ఒక్కరి చేతిలోనే ఉండాలి. తాళం ఇద్దరి దగ్గర ఉంటే తేడా వచ్చిన రోజు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడమే మిగులుతుంది. ఆ ఒక్కరు సెలవు మీద వెళ్తే, ఇద్దరూ కూర్చుని డబ్బు లెక్కపెట్టి, కాగితం మీద సంతకాలు చేసుకుని అప్పగించుకోవాలి. ఖర్చుకి ఆమోదం ఇచ్చేది మాత్రం ఇంకొకరు కావాలి. అమ్మకాల డబ్బు గానీ, ఎవరో వాపసు ఇచ్చిన డబ్బు గానీ ఈ పెట్టెలో కలపకూడదు, అలా ఒక్కసారి కలిపినా ఖాయం చేసుకున్న అంకె పని చేయదు.

ఇక వోచర్. నంబర్లు ముందే అచ్చయిన పుస్తకం వాడాలి, చేత్తో వేసుకునే నంబర్లకి విలువ తక్కువ, ఎందుకంటే మధ్యలో ఒకటి పోయినా తర్వాతిది దాని నంబరే వేసుకుని కూర్చుంటుంది. తేదీ, ఎందుకు ఇచ్చారు, ఏ పద్దు కింద, ఎంత, తీసుకున్నవాళ్ల సంతకం, ఆమోదించినవాళ్ల సంతకం, వెనకాల బిల్లు. మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాయాలి, లేకపోతే 40 ముందు ఒకటి చేరి 140 కావడానికి ఒక గీత చాలు. డబ్బు ఇచ్చిన వెంటనే బిల్లు మీద ‘చెల్లించాం’ అని స్టాంపు వేయాలి, అదే బిల్లు వచ్చే నెల ఇంకో వోచర్‌కి అతుక్కుని రాకుండా. మెషీన్‌లోంచి వచ్చే నున్నటి బిల్లులైతే కొన్నాళ్లకి అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితంలా మిగులుతాయి కాబట్టి అప్పుడే ఒక ఫోటోకాపీ తీసి జతచేయడం నయం. వోచర్ పాడైతే చించేయకుండా, అడ్డంగా గీత కొట్టి ‘రద్దు’ అని రాసి ఫైల్లోనే ఉంచాలి.

ఒక్కో వోచర్‌కి గరిష్ఠ పరిమితి కూడా పెడతారు, అంతకు మించిన ఖర్చు బ్యాంకు ద్వారానే వెళ్లాలని. పరిమితి పెట్టిన మర్నాటి నుంచే ఖర్చుని రెండు ముక్కలు చేయడం మొదలవుతుందని కూడా అనుకోవాలి. ఒకే రోజు, ఒకే షాపు, వరుస బిల్లు నంబర్లు, రెండూ పరిమితికి కొంచెం కింద: ఇలాంటివి కనిపిస్తే అడగాల్సిందే.

అడ్వాన్స్ స్లిప్పుల సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. ఎవరో ఏదో కొనడానికి వెళ్తూ ఎంతవుతుందో తెలియక 500 తీసుకుంటారు, బిల్లు ఇంకా లేదు. అప్పుడు వోచర్ రాయకూడదు, స్లిప్పు రాసి సంతకం తీసుకుని పెట్టెలో వేయాలి. బిల్లుతో తిరిగొచ్చాక అసలు ఖర్చుకి వోచర్ రాసి, మిగిలిన చిల్లర పెట్టెలో వేసి, స్లిప్పుని అక్కడికక్కడే రద్దు చేయాలి. ఈ మూడు పనుల్లో చివరిది మరిచిపోవడం ఎంత మామూలో కింద లెక్కలో చూద్దాం.

నెలాఖరు అనుకుందాం. ఇంప్రెస్ట్ 10,000, నెల మొదట్లో పెట్టె నిండుగా ఉంది, మధ్యలో నింపలేదు. లెక్క చూసే మనిషి ముందు చేయాల్సింది నగదు లెక్కపెట్టడం, రిజిస్టర్ తెరవకముందే. ఎంత రావాలో ముందే తెలిస్తే వేళ్లు ఆ అంకె దగ్గరే ఆగుతాయి. పెట్టె చూసుకునే మనిషి ఎదురుగా ఉండాలి, నోట్లూ నాణేలూ విలువల వారీగా రాసి, కింద ఇద్దరూ సంతకం చేయాలి. ఒంటరిగా లెక్కపెట్టి తర్వాత ‘తక్కువుంది’ అంటే ఆ మాటని ఎవరూ నిరూపించలేరు.

నగదు 2,490 తేలింది. పెట్టెలో స్లిప్పులు రెండు ఉన్నాయి, ఒకటి 12వ తేదీది 500కి, ఇంకోటి 29వ తేదీది 300కి, కలిపి 800. రిజిస్టర్‌లో ఈ నెల వోచర్ల మొత్తం 6,740. మూడూ కలిపితే 10,030. అంటే 30 ఎక్కువ.

ఇక్కడ చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. తక్కువ రాలేదు కదా, ముప్పయ్యే కదా ఎక్కువ, ఎవరో చిల్లర తీసుకోవడం మరిచిపోయి ఉంటారులే అని ఫైలు మూసేస్తారు. తేడా చిన్నదైతే తప్పులూ చిన్నవే అన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, అందులో నిజం లేదు. చివర్లో కనిపించే తేడా పెంచే తప్పులూ తగ్గించే తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలినది మాత్రమే.

కాబట్టి తేడా ఎంతైనా, అసలు తేడా లేకపోయినా, మొదట నంబర్ల వరుస చూడాలి. ఈ నెల వోచర్లు 141 నుంచి 168 వరకు, అంటే 28 ఉండాలి. రిజిస్టర్‌లో ఉన్నవి 26. 150వ నంబరు రద్దయింది, కాగితం ఫైల్లోనే గీత కొట్టి ఉంది, సరే. 159 మాత్రం రిజిస్టర్‌లోనూ లేదు, ఫైల్లోనూ లేదు. వెతికితే ఆమోదించే అధికారి టేబుల్ మీద, సంతకం కోసం పంపిన కాగితాల మధ్య దొరికింది. 275కి చెల్లింపు జరిగిపోయింది, తీసుకున్నవాళ్ల సంతకం కూడా ఉంది, రిజిస్టర్‌లో ఎక్కలేదంతే. (డబ్బు ముందు ఇచ్చి సంతకానికి తర్వాత పంపారన్నది ఇంకో తప్పు, దాన్ని విడిగా రాసుకోవాలి.) ఒకవేళ అలాంటి కాగితం దొరక్కపోతే దాన్ని ‘బహుశా రద్దయి ఉంటుంది’ అని వదిలేయకూడదు, దొరకలేదనే రాయాలి.

రెండో పని, ప్రతి వోచర్ కాగితాన్నీ రిజిస్టర్ వరుసతో పక్కపక్కన పెట్టి టిక్కు పెట్టుకుంటూ పోవడం. విసుగు పుట్టించే పని, దగ్గర దారి లేదు. అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో భాగించబడుతుందన్న చిట్కా అకౌంట్స్‌లో అందరికీ తెలుసు, అది నిజమే, కానీ తప్పు ఒక్కటే ఉన్నప్పుడు మాత్రమే పనికొస్తుంది. ఇక్కడ తేడా 30, తొమ్మిదితో పోదు, అయినా తారుమారు ఉంది: 153వ వోచర్ కాగితం మీద 640, రిజిస్టర్‌లో 460. తేడా 180. చిట్కాని నమ్ముకుని ‘తారుమారు లేదు’ అనుకుని ముందుకెళ్తే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

మూడోది స్లిప్పులు. 12వ తేదీ నాటి స్లిప్పు ఇంకా పెట్టెలో ఉండడమే అనుమానించాల్సిన విషయం, ఏదో కొనడానికి తీసుకున్న డబ్బు రెండు వారాలు దాటినా తేలకపోవడం మామూలుగా జరగదు. స్లిప్పు మీద పేరు, పని చూసి వోచర్లలో వెతికితే 163వ నంబరు దొరుకుతుంది: అదే మనిషి, అదే పని, 430. మిగిలిన 70 పెట్టెలో వేశారు. అంటే ఈ అడ్వాన్స్ ఎప్పుడో తేలిపోయింది, స్లిప్పుని తీయడం మరిచిపోయారు. ఖర్చు వోచర్ రూపంలోనూ, చిల్లర నగదు రూపంలోనూ లెక్కలోకి వచ్చేశాయి, పైన స్లిప్పు ఇంకోసారి మొత్తం 500 చూపిస్తోంది.

ఇప్పుడు మళ్లీ కూడితే, వోచర్లు 6,740కి 180, 275 కలిసి 7,195. తేలని స్లిప్పు ఒక్కటే, 300. నగదు 2,490. మొత్తం 9,985. పెట్టెలో 30 ఎక్కువ లేదు, 15 తక్కువ ఉంది. తేలిపోయిన స్లిప్పు 500 పైకి లాగితే, రిజిస్టర్ తప్పులు రెండూ కలిసి 455 కిందికి లాగాయి, నిజంగా తగ్గిన 15 వాటి మధ్య మాయమైంది. ఆ కొరత 45 అయ్యుంటే మొదటి కూడిక సరిగ్గా 10,000 వచ్చేది, మూడు తప్పులూ నిజమైన లోటూ ఉన్న లెక్క మీద ‘టాలీ అయింది’ అని సంతకం పడేది.

ఆ 15 ఎక్కడ పోయిందో తేలకపోవచ్చు. చిల్లర ఇచ్చేటప్పుడు జరిగే చిన్న తేడాలు ఉంటాయి, వాటి కోసం రోజంతా తవ్వడం దండగ. కానీ వాటిని ‘ఇతర ఖర్చులు’లో కలిపేయకూడదు, పెట్టె చూసుకునే మనిషి జేబులోంచి వేయనివ్వకూడదు. నగదు హెచ్చుతగ్గుల ఖాతా అని విడిగా ఒకటి పెట్టుకుని, ఆమోదం తీసుకుని అందులో రాయాలి.

ఇక నింపడం. ఎంత నింపాలి అన్న ప్రశ్నకి రెండు దారులు కనిపిస్తాయి, రెండింటిలోనూ పడిపోయే గుంటలున్నాయి. వోచర్ల మొత్తం 7,195 మాత్రమే ఇస్తే 15 కొరత పుస్తకాల్లోకి ఎక్కకుండా పెట్టెలోనే ఉండిపోతుంది, వచ్చే నెల కొత్త తేడాతో కలిసి, ఏది ఎప్పటిదో తెలియకుండా పోతుంది. పోనీ పెట్టెలో నగదు మళ్లీ 10,000 చేద్దాం అని 7,510 ఇస్తే, అందులో 300 ఎవరి దగ్గరో ఉన్న అడ్వాన్స్‌కి కూడా డబ్బు ఇచ్చినట్టవుతుంది. ఆ మనిషి రేపు 300 తిరిగి తెచ్చి ఇస్తే పెట్టెలో 10,300 ఉంటుంది, ఆ పై 300 గురించి ఎవరూ అడగరు. ఇవ్వాల్సింది వోచర్లు 7,195, ఆమోదించిన కొరత 15, కలిపి 7,210. అప్పుడు నగదు 9,700, స్లిప్పు 300, మళ్లీ 10,000. రౌండ్‌గా ఉంటుందని 7,000 ఇవ్వడమో 7,500 ఇవ్వడమో చేస్తే అక్కడితో ఇంప్రెస్ట్ అయిపోయినట్టే, మళ్లీ పాత డ్రాయర్ పద్ధతికే వచ్చేశారు.

ఎంట్రీ కూడా ఇదే లెక్కని పట్టుకుని నడుస్తుంది. పోస్టేజీ, కొరియర్ 1,380, స్టేషనరీ 2,145, ప్రయాణ ఖర్చులు 1,960, శుభ్రత, చిన్న రిపేర్లు 1,285, ఇతరాలు 425, నగదు కొరత 15, ఇవన్నీ డెబిట్. బ్యాంకు క్రెడిట్ 7,210. పెట్టీ క్యాష్ ఖాతా ఎక్కడా రాలేదు. రిజిస్టర్‌లో పద్దులకి వేరువేరు కాలమ్‌లు వేసుకుని ఉంటే ఈ అంకెలు కిందనే కూడి ఉంటాయి, ప్రతి కాలమ్ మొత్తాలు కలిపితే మొత్తం కాలమ్‌తో సరిపోవాలి.

ఒక చిక్కు మాత్రం ఉంది. డబ్బు నింపేది వచ్చే నెల 3వ తేదీన అయితే, ఖర్చులన్నీ వచ్చే నెల పుస్తకాల్లోకి జారిపోతాయి. ఆఫీసు మామూలు నెలల్లో దీన్ని పట్టించుకోకపోవచ్చు గానీ ఆర్థిక సంవత్సరం చివరి నెలలో కుదరదు, ఆ ఏడాది ఖర్చు ఆ ఏడాదిలోనే పడాలి. అప్పుడు నెల చివరి తేదీన ఖర్చులు, కొరత డెబిట్ చేసి పెట్టీ క్యాష్‌నే 7,210కి క్రెడిట్ చేయాలి. ఖాతాలో 2,790 మిగులుతుంది, అందులో 2,490 నగదు, 300 స్లిప్పు. స్లిప్పుని సిబ్బంది అడ్వాన్స్‌గా విడిగా చూపిస్తే ఇంకా మంచిది. 3వ తేదీన నింపినప్పుడు పెట్టీ క్యాష్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. పైన చెప్పిన నియమానికి మినహాయింపు ఇదొక్కటే.

నింపేటప్పుడే వోచర్లన్నిటి మీదా ‘రీయింబర్స్ అయింది’ అని తేదీతో స్టాంపు వేసి కట్ట కట్టేయాలి. డబ్బు ఇచ్చేసిన వోచర్లు ఖాళీగా తిరిగి ఫైల్లోకి వెళ్తే, అవే రెండోసారి కట్టలో కలిసి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇంత చేసినా ఈ పద్ధతి పట్టుకోలేనిది ఒకటుంది. దొంగ బిల్లు. ఎవరైనా జరగని ఆటో ప్రయాణానికి 200 వోచర్ రాసి, 200 తీసుకుంటే కూడిక చక్కగా 10,000 వస్తుంది. నగదు తగ్గినంతా వోచర్ పెరిగింది, లెక్కకి అభ్యంతరం ఏముంది? ఆమోదించే మనిషి నిజంగా చదివి సంతకం పెట్టడం ఒక్కటే దీనికి మొదటి అడ్డు. రెండోది కాలమ్‌లని నెల నెలా పక్కపక్కన పెట్టి చూడడం. ప్రయాణ ఖర్చులు నెలకి 1,900 దగ్గర తిరుగుతూ ఉన్నట్టుండి 3,000 అయితే, బిల్లు లేని వోచర్లు ఒకే మనిషి పేరు మీద పెరుగుతుంటే, కాగితాలు ఎంత పద్ధతిగా ఉన్నా అడగాలి.

మధ్యలో చెప్పకుండా ఎప్పుడైనా లెక్కపెట్టడం కూడా అవసరమే. నెలాఖరు తేదీ అందరికీ తెలుసు, పెట్టెలోంచి సొంతానికి వాడుకున్న డబ్బు 10న తీసుకెళ్లి 28న తిరిగి పెట్టేస్తే నెలాఖరు లెక్కకి అది కనిపించదు. 17న ఎవరైనా తెరిస్తేనే కనిపిస్తుంది. అలా తెరిచినప్పుడు తేడాతో పాటు, తేదీ లేని స్లిప్పులు ఉన్నాయా, ఒకే మనిషి స్లిప్పు ప్రతి నెలా కొత్త తేదీతో మళ్లీ రాస్తున్నారా అన్నది కూడా చూడాలి. రెండోది అడ్వాన్స్ ముసుగులో అప్పు.

హెచ్చుతగ్గుల ఖాతాని ఏడాదికోసారైనా మొత్తంగా చదవాలి. కొన్ని నెలలు పది తక్కువ, కొన్ని నెలలు ఐదు ఎక్కువ అయితే చిల్లర ఇవ్వడంలో వచ్చే తేడాలే. ఎప్పుడూ తక్కువే, ఒక్కసారీ ఎక్కువ రాలేదంటే అది చిల్లర తేడా కాదు. ఇక నెలల తరబడి ఆ ఖాతాలో ఒక్క గీత కూడా లేదంటే, రోజూ నగదు చేతులు మారే పెట్టెకి అది అనుమానించాల్సిన సంగతే, తక్కువైతే ఎవరో జేబులోంచి సర్దుతున్నారు, ఎక్కువైతే ఎవరో జేబులో వేసుకుంటున్నారు.